జీతం ఖాయమయ్యాక జాయినింగ్ బోనస్ అడగొచ్చా?

ప్రశ్న: కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూలన్నీ అయ్యాక హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్ చేసి జీతం చెప్పారు. నేను వెంటనే సరేనన్నాను. ఆఫర్ లెటర్ రెండు మూడు రోజుల్లో పంపిస్తామన్నారు. ఫోన్ పెట్టేశాక లెక్కలు వేసుకుంటే గుండె జారింది. ఇప్పుడున్న కంపెనీలో ఏడాది బోనస్ పది వారాల్లో చేతికి రావాలి. మానేస్తే అది పోతుంది. కొత్త జీతం లెక్కలో చూస్తే అది నెలా పావు జీతం. దానికి తోడు ఊరు మారాలి. భార్య, చిన్న బాబు, ఇంటెడు సామాను. ఇంకొకటి, ఇంటర్వ్యూలో మేనేజర్ గారు ‘ఆరు నెలలయ్యాక మీ జీతం మళ్లీ చూద్దాం’ అన్నారు. హెచ్‌ఆర్ వాళ్లు ఆ ఊసే ఎత్తలేదు. ఇప్పుడు ఇవన్నీ అడిగితే మాట మార్చేవాడిననుకుంటారా? ఆఫరే వెనక్కి తీసుకుంటారా? అడిగితే ఏది, ఎంత అడగాలి? నాకు నోటీసు ఒక నెల.

సమాధానం:

మీరు సరేనన్నది జీతానికి. మిగతా మూడింటి గురించి, అంటే పోయే బోనస్, ఊరు మారే ఖర్చు, ఆరు నెలల సమీక్ష గురించి హెచ్‌ఆర్‌తో ఇంతవరకు మాటే జరగలేదు కాబట్టి అడగడం మాట మార్చడం కాదు. కాకపోతే ఒక గీత గీసుకోండి: జీతం అంకె జోలికి మాత్రం మళ్లీ వెళ్లొద్దు. ‘ఇంకొంచెం పెంచగలరేమో చూడండి’ అని చివర్లో తగిలించినా సరే, అప్పటిదాకా మీరు అడిగినవన్నీ బేరం కిందికి పోతాయి.

జీతం పెంచమంటే బిగుసుకుపోయే కంపెనీలు ఒకసారి ఇచ్చే డబ్బు విషయంలో ఎందుకు మెత్తబడతాయో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. జీతంలో పెంచింది ప్రతి నెలా ఇవ్వాలి. వచ్చే ఏడాది ఇంక్రిమెంటు దానిమీదే పడుతుంది. ఆ గ్రేడులో ఇప్పటికే ఉన్నవాళ్ల జీతాలతో పొంతన కుదరాలి. జాయినింగ్ బోనస్‌కి ఈ బాధలేవీ లేవు, ఒకసారి ఇస్తే అయిపోతుంది. చాలాచోట్ల దాని బడ్జెట్ వేరు, సంతకం పెట్టేవాళ్లూ వేరు. అయితే ఇదే లెక్కను మీ వైపు నుంచి కూడా చూడాలి. కొత్త ఉద్యోగంలో మీ నెల జీతం 100 అనుకుందాం. ఇకమీదట అన్నీ ఈ లెక్కలోనే చెబుతాను. నెలకు 5 పెరిగితే ఏడాదికి 60, మూడేళ్లకు 180. అదే 60 బోనస్‌గా ఇస్తే ఆ ఒక్కసారే. కాబట్టి జీతంలో తగ్గింది బోనస్‌తో పూడుతుందని అనుకోకండి. బోనస్ మీ నష్టాన్ని పూడ్చడానికి, అంతవరకే.

ఇక సమయం సంగతి. లెటర్ ఇంకా రాకపోవడం మీకు కలిసొచ్చింది. లెటర్ తయారయ్యాక ఏ మార్పు కావాలన్నా హెచ్‌ఆర్ మళ్లీ అనుమతుల చుట్టూ తిరగాలి, అక్కడే విసుగు మొదలవుతుంది. సంతకం కూడా అయిపోయాక అడిగితే, వాళ్ల పాలసీలో ముందే ఉన్నది తప్ప కొత్తగా రాబట్టడం కష్టం. కాబట్టి ఒకటి రెండు రోజుల్లో ఫోన్ చేయండి. ఈలోగా పాత కంపెనీలో రాజీనామా మాట ఎత్తకండి.

ఫోన్ చేసే ముందు ఒక కాగితం బయటికి తీయాలి: మీ పాత కంపెనీ బోనస్ నియమాలు. ‘మానేస్తే పోతుంది’ అంటున్నారు గానీ, ఎప్పుడు మానేస్తే పోతుందో అందులో చూడండి. కొన్నిచోట్ల ఆర్థిక సంవత్సరం చివరి రోజున ఉద్యోగంలో ఉంటే చాలు. కొన్నిచోట్ల బోనస్ ఖాతాలో పడే రోజున ఉద్యోగంలో ఉండాలి. ఇంకొన్నిచోట్ల ఆ రోజుకు నోటీసు పీరియడ్‌లో కూడా ఉండకూడదు. మొదటిదైతే మీకు అసలు నష్టమే లేకపోవచ్చు. రెండోదైతే ఏడో వారంలో రాజీనామా ఇచ్చినా పదో వారానికి మీరింకా ఉద్యోగంలోనే ఉంటారు, పదకొండో వారం ముగిసేసరికి బయటపడొచ్చు. మూడోదైతే పదో వారం దాకా ఆగి అప్పుడు రాజీనామా ఇవ్వాలి, చేరేది పద్నాలుగో వారం దాటాకే.

అంటే కొత్త కంపెనీకి పైసా ఖర్చు లేని దారి ఒకటుంది: చేరే తేదీని జరపడం. అందుకే ఒట్టి బోనస్ అడిగే కన్నా రెండు దారులూ ముందు పెట్టి అడగడం మేలు. ‘నేను త్వరగా చేరితే ఇంత వదులుకోవాల్సి వస్తోంది. ఫలానా తేదీ దాకా ఆగగలరా, లేక ఆ మేరకు జాయినింగ్ బోనస్ చూడగలరా?’ అని. పని తొందర ఉన్న మేనేజర్ రెండోదానికి మొగ్గుతారు, లేనివారు మొదటిదానికి. ఏదైనా మీకు నష్టం లేదు. తేదీ జరపడంలో చిక్కులు లేకపోలేదు. పాత కంపెనీ బోనస్ పూర్తిగా యాజమాన్యం ఇష్టాన్ని బట్టి ఇచ్చేదైతే, పది వారాలు ఆగాక అది తగ్గినా ఆలస్యమైనా ఆ భారం మీదే. పద్నాలుగు వారాలంటే కొత్త కంపెనీలో ఆ పోస్టు పరిస్థితి మారడానికి కూడా చాలినంత కాలమే. నోటీసుతో కలిపి ఆరేడు వారాలు మించి ఆగాల్సి వస్తే నేనైతే బోనస్ వైపే మొగ్గమంటాను.

ఎంత అడగాలంటే, వదులుకుంటున్నంత. మీ లెక్కలో అది 125. పాత బోనస్, కొత్త బోనస్ రెండూ పన్ను కోతకు ముందు మొత్తాలే అయ్యేలా చూసి పోల్చండి. బేరంలో తగ్గిస్తారని 200 అడిగితే, ‘ఆ బోనస్ లెటర్ ఒకసారి పంపండి’ అన్న రోజున ఇబ్బంది పడతారు. రుజువు అడగడం మామూలే. గోప్యమైన వివరాలు కనబడకుండా చేసి, మీ పేరు, మొత్తం, చెల్లింపు తేదీ కనిపించేలా పంపితే సరిపోతుంది. 125 అడిగితే 80 ఇస్తామనొచ్చు. అప్పుడు మిగతా 45 కోసం పట్టుబట్టే ముందు, ఆ 80 ఏ షరతు మీద వస్తోందో చూడండి.

జాయినింగ్ బోనస్‌లో మొత్తం కన్నా ముఖ్యమైనది తిరిగి కట్టాల్సిన షరతు. సాధారణంగా ‘చేరిన 12 నెలల్లోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలి’ అని రాస్తారు. కొన్నిచోట్ల అది 24 నెలలు. ఈ వాక్యంలో మూడు మెలికలుంటాయి. మొదటిది, మొత్తం కట్టాలా, మిగిలిన నెలల మేరకే కట్టాలా? మీకు 120 ఇచ్చారనుకోండి, షరతు 12 నెలలు, మీరు 9 నెలలకు మానేశారు. నెలల వారీగా తగ్గేదైతే మిగిలిన 3 నెలలకు 30 కడితే చాలు. లేదంటే 120 మొత్తం కట్టాలి. పదకొండు నెలలు పనిచేసినా అంతే.

రెండోది పన్ను. 120లో 30 శాతం కోత పడితే మీ చేతికొచ్చింది 84. కానీ లెటర్‌లో ‘చెల్లించిన స్థూల మొత్తం’ అని ఉంటే మీరు వెనక్కి కట్టేది 120. ఆ 36 తిరిగి రాబట్టుకోవడం మీ తలనొప్పి. అదే పన్ను సంవత్సరంలో అయితే కంపెనీ లెక్కల్లోనే సర్దడానికి తరచూ వీలుంటుంది. సంవత్సరం దాటితే మీరే పన్ను శాఖ చుట్టూ తిరగాలి. ‘చేతికి అందిన మొత్తం మాత్రమే’ అని మార్చమని అడగండి. ఒప్పుకోకపోయినా అడగడం తప్పేం కాదు.

మూడోది అందరూ చదవకుండా దాటేసేది. షరతు మీరు మానేస్తేనా, ‘ఏ కారణంతోనైనా ఉద్యోగం ముగిస్తే’నా? రెండోదైతే కంపెనీ మిమ్మల్ని తొలగించినా బోనస్ వెనక్కి కట్టాల్సి వస్తుంది. ‘ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తే, లేదా దుష్ప్రవర్తన కారణంగా తొలగిస్తే’ అని మార్పించుకోండి. ఈ ఒక్క సవరణ కోసం 125ని 100కి తగ్గించుకున్నా పర్వాలేదంటాను. డబ్బు ఎప్పుడు పడుతుందో కూడా చూడాలి. మొదటి జీతంతోనా, ప్రొబేషన్ ముగిశాకా, సగం ఇప్పుడు సగం ఆరు నెలలకా? రెండు విడతలైతే గడువు ప్రతి విడతకూ ఆ విడత పడిన రోజు నుంచి మొదలవుతుందా, అంతటికీ చేరిన రోజు నుంచేనా అన్నది రాతలో ఉండాలి. లేకపోతే 12 నెలలనుకున్నది 18 అవుతుంది.

ఊరు మారే ఖర్చు విషయంలో ముందు బేరమాడకండి, ఒక ప్రశ్న అడగండి: ‘మీ దగ్గర రిలొకేషన్ పాలసీ ఉందా? నా గ్రేడుకి అందులో ఏమేం వర్తిస్తాయి?’ చాలా కంపెనీల్లో ఆ పాలసీ ఉంటుంది గానీ అడగనివాళ్లకు వాళ్లంతట వాళ్లు చెప్పరు. పాలసీలో ఉన్నది మీకు రావాల్సిందే కాబట్టి దానికోసం మీరు అడగగలిగే అవకాశాన్ని ఖర్చు చేసుకోకూడదు. పాలసీ లేకపోతేనో, చాలకపోతేనో అప్పుడు లెక్క చూపించండి. ఉదాహరణకు సామాను తరలింపుకి 40, ముగ్గురి ప్రయాణానికి 10, ఇల్లు దొరికేదాకా మూడు వారాల తాత్కాలిక బసకు 60, ఇప్పటి ఇల్లు గడువుకు ముందే ఖాళీ చేస్తున్నందుకు జరిమానా 30. మొత్తం 140. తరలింపుకు ఇద్దరి దగ్గర కొటేషన్లు తీసుకుని జతచేస్తే అంకెమీద వాదన ఉండదు.

ఇందులో కొత్త ఇంటి అడ్వాన్సు కలపలేదు, గమనించారా? అది మీకు తిరిగొచ్చే డబ్బు. ఖర్చు కింద చూపిస్తే మిగతా లెక్కమీద కూడా నమ్మకం పోతుంది. దానికి వేరే దారి ఉంది: వడ్డీ లేని జీతం అడ్వాన్సు. 200 అడ్వాన్సు తీసుకుని నెలకు 20 చొప్పున పది నెలల్లో కోయించుకుంటే కంపెనీకి పెద్ద భారం కాదు, మీకు ఆ మొదటి నెల గట్టెక్కుతుంది. రిలొకేషన్ ఇవ్వలేమన్న కంపెనీ కూడా దీనికి ఒప్పుకోవడం కద్దు. ఇస్తే మధ్యలో మానేసినప్పుడు మిగిలింది ఒక్కసారే కట్టాలన్నది మర్చిపోకండి.

రిలొకేషన్ డబ్బు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ఏకమొత్తం. అది సాధారణంగా జీతంలా పన్ను పడే డబ్బే. 30 శాతం పన్నుతో 140 కాస్తా 98 అవుతుంది. చేతికి 140 రావాలంటే 200 ఇవ్వాలి. ‘ఇది పన్ను పోనూనా, పన్నుతో కలిపా?’ అని అడిగి తేల్చుకోండి. రెండోది బిల్లులు పెట్టి రాబట్టుకోవడం. పన్ను విషయంలో ఇది చాలాచోట్ల మెరుగు గానీ చిక్కులెక్కువ. ముందస్తు అనుమతి లేకుండా పెట్టిన ఖర్చు, వేరొకరి పేరుమీద ఉన్న బిల్లు, గడువు దాటి పెట్టిన బిల్లు, మూడూ తిరుగుటపాలో వస్తాయి. పైగా ముందు మీ జేబులోంచే పెట్టాలి. అందుకే మొదటి బిల్లు కట్టకముందే ఆ పాలసీ కాగితం తెప్పించుకోండి. బోనస్‌కి ఉన్నట్టే దీనికీ తిరిగి కట్టే షరతు ఉంటుంది, పైన చెప్పిన మూడు మెలికలూ ఇక్కడా చూడాలి.

ఇక మేనేజర్ గారి ‘ఆరు నెలలయ్యాక చూద్దాం’. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అని ఉండొచ్చు. కానీ ఆఫర్ లెటర్ చివర్లో తరచూ ఒక వాక్యం ఉంటుంది: ఇంతకుముందు నోటితో గానీ రాతతో గానీ జరిగిన సంభాషణలన్నీ ఈ లెటర్‌తో రద్దవుతాయి అని. దానికింద మీరు సంతకం పెడితే ఇంటర్వ్యూలో విన్న మాట అక్కడితో సరి. ఆయన బదిలీ అయినా, టీములు మారినా ఆ మాట తెలిసినవాళ్లే ఉండరు.

‘సమీక్ష’ అంటే పెంపు అని కూడా కాదు. కూర్చోబెట్టి, బాగా చేస్తున్నారని చెప్పి పంపినా సమీక్ష జరిగినట్టే. అందుకే ఏ తేదీకల్లా జరుగుతుంది, దేన్ని చూసి నిర్ణయిస్తారు, పెంచితే ఏ తేదీ నుంచి వర్తిస్తుంది, వీటిని రాతలో అడగండి. అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటుంది: ఇది ఏడాది ఇంక్రిమెంటుకు అదనమా, బదులా? మీరు చేరిన పదో నెలలో కంపెనీ వార్షిక ఇంక్రిమెంట్లు వస్తాయనుకుందాం. ఆరో నెలలో మీకు 6 పెంచారు. బదులుగా ఇచ్చిందైతే పదో నెలలో మీరు జాబితాలో ఉండరు, తర్వాతి పెంపు ఇరవై రెండో నెలలోనే. ఎలాగూ పదో నెలలో రావాల్సిన ఆ 6ని నాలుగు నెలలు ముందు తెచ్చుకున్నట్టు. లాభం మొత్తం 24. దీనికోసమా బోనస్ వదులుకునేది? అదనమైతే లెక్క వేరు, ఆ పెంపు మీద మళ్లీ పెంపు వస్తుంది. వార్షిక ఇంక్రిమెంటుకు అర్హత తేదీ కూడా కనుక్కోండి. చాలాచోట్ల ఫలానా తేదీ తర్వాత చేరినవాళ్లను ఆ ఏడాది చూడరు. మీరు చేరే తేదీని జరిపితే ఆ గీతకు అవతలి పక్కన పడే ప్రమాదం ఉంది, అప్పుడు ముందస్తు సమీక్ష అవసరం నిజంగానే పెరుగుతుంది.

లెటర్‌లో ఇలాంటి వాక్యం ఉంటే చాలు: ‘చేరిన తేదీ నుంచి ఆరు నెలలు పూర్తయిన 30 రోజుల్లోపు ఉద్యోగి జీతాన్ని, ప్రొబేషన్ లక్ష్యాల ఆధారంగా, సమీక్షిస్తారు. మార్పు ఉంటే ఆరో నెల ముగిసిన మర్నాటి నుంచి వర్తిస్తుంది. ఇది వార్షిక సమీక్షకు అదనం.’ ఎంత శాతమో రాయమంటే చాలామంది ఒప్పుకోరు. అక్కడ పంతానికి పోకండి. లెటర్‌లో పెట్టలేమంటే మేనేజర్, హెచ్‌ఆర్ ఇద్దరూ ఉన్న ఈమెయిల్‌లో ఒప్పుకోమనండి. చట్టపరంగా బలం తక్కువైనా, ఆరు నెలల తర్వాత చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

అడిగేటప్పుడు ముందు ఫోన్, ఆ వెంటనే మెయిల్. మెయిల్‌తోనే మొదలుపెడితే అది డిమాండ్ల జాబితాలా చదువుకుంటుంది. ఫోన్‌లో ఇంత చాలు: ‘మేడమ్, జీతం విషయంలో మనం అనుకున్నదానికి నేను కట్టుబడే ఉన్నాను, అందులో మార్పేం లేదు. లెటర్ తయారయ్యేలోపు మూడు విషయాలు మీ దృష్టికి తేవాలి. ఇక్కడ నాకు రావాల్సిన ఏడాది బోనస్ పది వారాల్లో ఉంది, త్వరగా చేరితే అది పోతుంది. చేరే తేదీ జరపడానికి గానీ, ఆ మేరకు జాయినింగ్ బోనస్ ఇవ్వడానికి గానీ వీలవుతుందా? ఊరు మారే ఖర్చుకి మీ పాలసీలో ఏముందో కూడా చెప్పగలరా? ఆరు నెలల సమీక్ష గురించి మేనేజర్ గారు ఇంటర్వ్యూలో అన్నారు, అది కూడా లెటర్‌లో వస్తే బాగుంటుంది.’ తర్వాత ఆగండి. అవతలివాళ్లు ‘కనుక్కుని చెప్తాను’ అనే అంటారు, ఎందుకంటే తేల్చేది వాళ్లు కాదు. మీరు చెప్పింది వాళ్లు పైవాళ్లకు మళ్లీ చెప్పాలి కాబట్టి, అంకెలు, తేదీలు, కారణం ఐదారు వాక్యాల్లో మెయిల్ చేయండి. సమీక్ష మాట అన్న మేనేజర్ గారికి కూడా ముందుగా ఒక ముక్క చెప్పి ఉంచండి. హెచ్‌ఆర్ అడిగినప్పుడు ఆయన ‘అవును, అన్నాను’ అంటే సగం పని అయిపోయినట్టే.

అన్నీ ఒకేసారి అడగండి. ఇవాళ బోనస్, అది ఒప్పుకున్నాక రిలొకేషన్, ఆ తర్వాత సమీక్ష అంటూ పోతే మూడోసారి ఫోన్ ఎత్తేవాళ్ల స్వరమే మారిపోతుంది. ఆఫర్ వెనక్కి పోయే భయం అసలు ఉన్నది ఇలాంటిచోటే: విడతలుగా అడగడం, లేని ఇంకో ఆఫర్ ఉందని చెప్పడం, ‘ఇవ్వకపోతే రాను’ అనడం. కారణం చూపి ఒకసారి మర్యాదగా అడిగినందుకు ఆఫర్ రద్దవడం అరుదు. ఎప్పుడూ జరగదని మాత్రం అనను, అందుకే రాజీనామా ఆపమన్నది.

‘మూడింటిలో ఒకటే ఇవ్వగలం’ అంటే? మీ పరిస్థితికి నేను రిలొకేషన్ ముందు పెడతాను, ఎందుకంటే ఆ 140 మీ చేతిలోంచి ఖచ్చితంగా పోయే డబ్బు. చేరే తేదీ జరపడానికి ఒప్పుకుంటే బోనస్ అవసరమే తీరిపోతుంది. తేదీ కుదరక, రిలొకేషన్ పాలసీ మీ ఖర్చులో చాలా భాగం భరించేదైతే అప్పుడు జాయినింగ్ బోనస్ తీసుకోండి, నెలల వారీగా తగ్గే షరతు మీద. సమీక్షను డబ్బుకు బదులుగా ఒప్పుకోకండి. మిగతావి ఏమిచ్చినా ఆ వాక్యాన్ని అదనంగా అడగండి, దానికి వాళ్లకు ఇవాళ అయ్యే ఖర్చు లేదు. ఏదీ కుదరదంటే, అనుకున్న జీతానికే చేరడం 125, 140 పోగొట్టుకుని కూడా మీకు గిట్టుతుందా అన్నది లెక్క వేసుకోండి. పాత జీతం కన్నా నెలకు 20 ఎక్కువైతే 265 నష్టం పూడటానికి పదమూడు నెలలు దాటుతుంది. 10 మాత్రమే ఎక్కువైతే రెండేళ్లు దాటుతుంది.

సవరించిన లెటర్ వచ్చాక ఫోన్‌లో అనుకున్న ప్రతి అంకె అందులో ఉందో లేదో చూడండి. జాయినింగ్ బోనస్‌ను కొన్నిసార్లు ఏడాది వేరియబుల్ పే వరుసలో కలిపేస్తారు. అప్పుడది మీ పనితీరు రేటింగును బట్టి వచ్చేదవుతుంది, ఖాయంగా వచ్చేది కాదు. విడిగా, చెల్లింపు తేదీతో రాయించుకోండి. చేరే తేదీ సరిగ్గా పడిందో చూసి, సంతకం పెట్టి, వాళ్ల సంతకంతో కాపీ మీ చేతికొచ్చాక రాజీనామా పంపండి. అదీ పాత కంపెనీ బోనస్ నియమం ఏ వారం అంటోందో ఆ వారంలో.